అగ్రిమెంటు ఉంది, తాళాలూ ఉన్నాయి, ఇల్లు మాదేనా?

ప్రశ్న: తెనాలిలో ఒక పెద్దాయన డాబా ఇంటిని 42 లక్షల రూపాయలకు కొనడానికి 2025 ఫిబ్రవరి 12న 100 రూపాయల స్టాంపు కాగితం మీద నా పేరున అగ్రిమెంటు రాయించుకున్నాం. ఆ రోజు 5 లక్షలు నగదుగా, ఏప్రిల్‌లో మరో 5 లక్షలు బ్యాంకు ద్వారా ఇచ్చాం. రెండో దానికి కాగితం వెనుక చెల్లు రాశారు. రిజిస్ట్రేషనుకు గడువు ఆగస్టు 11. మే నెలలో ఆయనే తాళాలు ఇస్తే రంగులు వేయించుకుని కాపురం పెట్టాం. బ్యాంకు రుణం ఆలస్యమై రెండు నెలలు ఆగమంటే నోటిమాటగా సరేనన్నారు. ఇప్పుడు 25 లక్షల రుణం మంజూరైంది. ఆయన మాత్రం కొడుకు ఒప్పుకోవడం లేదని, వేరొకరు 55 లక్షలకు అడుగుతున్నారని, అడ్వాన్సు వెనక్కి తీసుకుని ఇల్లు ఖాళీ చేయమని అంటున్నారు. అగ్రిమెంటు ఉంది, తాళాలూ మా దగ్గరే ఉన్నాయి. ఇల్లు మాది కానట్టేనా? వేరొకరికి రాసిచ్చేస్తే మా గతేమిటి?
— ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: ఇల్లు ఇంకా మీది కాలేదు. అయితే దాన్ని మీకే రాసివ్వమని ఆ పెద్దాయనను కోర్టు ద్వారా బలవంతం చేయగల హక్కు మీకుంది, ఆ హక్కు చిన్నదేమీ కాదు. ఈ రెండు మాటలకూ మధ్య ఉన్న దూరమే మీ సమస్య అంతా.

ముందుగా మీ అగ్రిమెంటును ఒకసారి తీసి, చివరి పేరాలో క్రియాపదాలు ఎలా ఉన్నాయో చూడండి. మన దస్తావేజు లేఖరులు రాసే అగ్రిమెంటులో సాధారణంగా "మిగతా సొమ్మును గడువులోగా మీరు నాకు చెల్లించిన యెడల, మీరు కోరిన వారి పేరున మీ ఖర్చులతో క్రయ దస్తావేజు వ్రాసి రిజిస్టరు చేయించి ఇవ్వగలవాడను" అని ఉంటుంది. అదే క్రయ దస్తావేజులోనైతే "సొమ్ము పూర్తిగా ముట్టినది గనుక ఈ దిగువ షెడ్యూలు ఆస్తిని ఈ దినమే మీ స్వాధీనము చేసితిని, ఇక మీదట మీరు మీ పుత్రపౌత్ర పారంపర్యముగా దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో అనుభవించవలసినది" అని ఉంటుంది. మొదటిది జరగబోయే పని గురించి ఇచ్చిన మాట, రెండోది ఆ క్షణాన జరిగిపోయిన పని. పాత లేఖరుల భాషను చాదస్తమని నవ్వుకుంటాం గానీ, చట్టం చూసే తేడాను "ఇవ్వగలవాడను", "చేసితిని" అన్న రెండు మాటల్లో వారు సరిగ్గా పట్టుకున్నారు.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షను ఈ సంగతిని సూటిగా చెబుతుంది. 100 రూపాయలు, ఆపైన విలువ చేసే స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు చేసిన దస్తావేజు ద్వారానే జరగాలి. అమ్మకపు ఒప్పందం తనంతట తానుగా ఆ ఆస్తి మీద ఏ హక్కునూ, ఏ బాధ్యతనూ సృష్టించదు. కాబట్టి 10 లక్షలు ఇచ్చినా, మొత్తం 42 లక్షలూ ఇచ్చేసినా, దస్తావేజు రిజిస్టరు కానంతవరకు యాజమాన్యం అమ్మేవారి దగ్గరే ఉంటుంది. ఇరవై ఏళ్ల కిందట సొమ్మంతా ముట్టజెప్పి, అగ్రిమెంటును ట్రంకుపెట్టెలో భద్రంగా దాచుకున్న ఒక పెద్దమనిషి, అమ్మినాయన పోయాక ఆయన పిల్లలు ఇల్లు ఖాళీ చేయమన్నప్పుడు నా దగ్గరకు వచ్చారు. ఆ కాగితం మడతల దగ్గర చిరిగిపోవడం తప్ప ఆయనకు ఇంకేమీ మిగల్చలేదు, ఎందుకంటే దావా వేయవలసిన కాలం ఏనాడో దాటిపోయింది. అగ్రిమెంటుకు తోడు జనరల్ పవర్, వీలునామా కూడా రాయించుకుంటే అమ్మకం అయిపోయినట్టేనన్న నమ్మకం ఒకప్పుడు నగరాల్లో బలంగా ఉండేది. సూరజ్ ల్యాంప్ కేసులో 2011లో సుప్రీంకోర్టు అలాంటి కాగితాల వల్ల యాజమాన్యం బదిలీ కాదని తేల్చింది.

యాజమాన్యం లేకపోయినా మీ చేతిలో ఉన్నవి రెండు. మొదటిది మీరు ముందుగా ఇచ్చిన సొమ్ముకు ఆ ఇంటి మీద ఉన్న పూచీ. అదే చట్టం 55వ సెక్షను ప్రకారం, కొనేవారు అకారణంగా వెనక్కి తగ్గితే తప్ప, వారు ముందుగా చెల్లించిన ధరకు అమ్మేవారి ఆస్తిలోని వాటా బాధ్యత వహిస్తుంది. అంటే ఆ 10 లక్షలు పెద్దాయన ఇచ్చినప్పుడు పుచ్చుకోవలసిన చేబదులు కాదు, అవసరమైతే ఆ ఇంటిని వేలం వేయించి రాబట్టుకోగల బాకీ. ఒప్పందం ఆస్తి మీద బాధ్యతను సృష్టించదని చెప్పి, ఇక్కడ ఉందంటున్నానేమిటని మీకు అనిపించవచ్చు. ఈ బాధ్యత ఒప్పందం వల్ల పుట్టినది కాదు, సొమ్ము చెల్లించినందువల్ల చట్టమే కల్పించినది. రెండోది, అంతకంటే విలువైనది, ఒప్పందాన్ని ఉన్నదున్నట్టు అమలు చేయించమని కోరే హక్కు. కోర్టుల్లో దీన్నే స్పెసిఫిక్ పెర్ఫార్మెన్స్ దావా అంటారు. దాని సంగతికి వచ్చే ముందు తాళాల సంగతి తేల్చాలి, ఎందుకంటే మీ ధైర్యమంతా వాటి మీదే ఉన్నట్టుంది.

అగ్రిమెంటు ప్రకారం స్వాధీనం పొంది, తన వంతు పని చేయడానికి సిద్ధంగా ఉన్న కొనుగోలుదారును అమ్మినవారు ఖాళీ చేయించలేరని ఆస్తి బదిలీ చట్టం 53ఏ సెక్షను చెబుతుంది. ఇది ఒక డాలు లాంటిది, దెబ్బ కాచుకోవడానికే గానీ దీనితో యాజమాన్యం అడగడానికి వీలులేదు. అయితే 2001 సెప్టెంబరు 24 నుంచి ఈ డాలు రిజిస్టరు చేసిన అగ్రిమెంటు ఉన్నవారికే దొరుకుతుంది. మీది రిజిస్టరు కాలేదు కాబట్టి, "నాకు స్వాధీనం ఇచ్చారు, నన్ను కదపడానికి వీల్లేదు" అన్న వాదన 53ఏ కింద మీకు నిలవదు. అలాగని రేపు ఉదయం మనుషులతో వచ్చి మీ సామాను వీధిలో పెట్టే అధికారం ఆయనకు వచ్చిందని కాదు. ఆయనే ఇష్టపూర్వకంగా ఇచ్చిన స్వాధీనాన్ని చట్టప్రకారం కోర్టు ద్వారానే వెనక్కి తీసుకోవాలి. ఈలోగా మీరు చేయవలసిన పని మీరు చేస్తే, ఆయన దావా కంటే మీ దావా ముందు నిలబడుతుంది.

తాళాల వల్ల మీకు కలిగే అసలు మేలు వేరే చోట ఉంది. ఒక ఆస్తిలో ఎవరైనా స్వాధీనంలో ఉంటే, వారికి అందులో ఏ హక్కు ఉందో కొత్తగా కొనేవారికి తెలిసినట్టేనని అదే చట్టం 3వ సెక్షనులోని వివరణ చెబుతుంది. 55 లక్షలకు అడుగుతున్న ఆ వేరొకరు ఇంటికి వచ్చి చూస్తే, లోపల మీ కాపురం, వాకిట్లో మీ బండి, గుమ్మానికి మీరు కట్టిన తోరణం కనిపిస్తాయి. అప్పుడు మిమ్మల్ని "మీరు ఎవరు, ఏ హక్కుతో ఉంటున్నారు" అని అడగడం ఆయన బాధ్యత. అడగకుండా కొంటే, అడిగితే తెలిసేదంతా ఆయనకు తెలిసినట్టే లెక్క. ఈ ఒక్క కారణానికైనా, దావా తేలేదాకా ఇల్లు ఖాళీ చేయకండి. కరెంటు బిల్లు, గ్యాసు చిరునామా, రంగులు వేసిన మేస్త్రీకి ఇచ్చిన సొమ్ము రసీదు వంటివన్నీ మే నెల నుంచి వరుసగా పోగుచేసి పెట్టుకోండి.

అదే స్వాధీనం మీకు ఒక చిక్కు కూడా తెచ్చిపెట్టింది, దీని గురించి అగ్రిమెంటు రాసిన రోజున ఎవరూ చెప్పి ఉండరు. ఆంధ్రప్రదేశ్‌లో వర్తించే స్టాంపు షెడ్యూలు ప్రకారం, స్వాధీనం ఇచ్చినట్టు చెప్పే అగ్రిమెంటు గానీ, స్వాధీనం ఇవ్వడం వెంట జరిగిన అగ్రిమెంటు గానీ స్టాంపు విషయంలో అమ్మకంతో సమానం. అంటే 100 రూపాయల కాగితం చాలదు. నూటికి 5 రూపాయల చొప్పున 42 లక్షలకు 2,10,000 రూపాయల స్టాంపు పడుతుంది. చాలినంత స్టాంపు లేని కాగితాన్ని కోర్టు సాక్ష్యంగా తీసుకోదు. మీరు కాగితాన్ని సాక్ష్యంగా గుర్తు వేయించబోయే రోజున అవతలి వకీలు లేచి ఈ అభ్యంతరం చెప్పడం దాదాపు ఖాయం. కోర్టులోనే కట్టి సాక్ష్యంలో పెట్టుకోవాలంటే లోటు స్టాంపుతో పాటు దానికి పదింతల జరిమానా పడుతుంది. మీ విషయంలో అది దాదాపు 21 లక్షలు, ఇంటి ధరలో సగం! అదే కాగితాన్ని స్టాంపుల విషయంలో కలెక్టరు అధికారాలున్న అధికారికి పంపించమని కోరితే, జరిమానాను తగ్గించే విచక్షణ ఆయనకు ఉంటుంది. లోటు స్టాంపు రూపంలో కట్టిన సొమ్ము తర్వాత క్రయ దస్తావేజుకు పట్టే స్టాంపులో జమ అవుతుంది, జరిమానా మాత్రం కాదు.

మీకు ఉన్న ఊరట ఏమిటంటే, మీరు రాసినదాన్ని బట్టి తాళాలు మూడు నెలల తర్వాత ఇచ్చారు. స్వాధీనం అగ్రిమెంటు కిందనే ఇచ్చినదా, లేక ఇల్లు బాగుచేయించుకోవడానికి విడిగా ఇచ్చిన సౌకర్యమా అన్నది వాదనకు నిలిచే ప్రశ్న. కాగితంలో స్వాధీనం ఊసు లేకపోతే మీ వకీలుకు ఇది చెప్పుకోదగ్గ ఆధారం. అయితే ఒక జాగ్రత్త. నోటీసులో "అగ్రిమెంటు ప్రకారం స్వాధీనం పొందాను" అని ఆవేశంగా రాసేసి, దావాలో "విడిగా ఇచ్చారు" అనడం కుదరదు. స్వాధీనం గురించి మొదటి నోటీసులో ఏ మాట రాస్తారో అదే చివరిదాకా మిమ్మల్ని వెంటాడుతుంది. కాబట్టి ఏం జరిగిందో అదే, ఆ క్రమంలోనే రాయించండి. ఆయన కొడుకు వచ్చి మాట మార్చవచ్చు గానీ మీరు మార్చకూడదు.

ఇక అసలు దావా. పూర్వపు ఉమ్మడి రాష్ట్రంలో 1999 నుంచి అమ్మకపు అగ్రిమెంటునూ రిజిస్టరు చేయించి తీరాలన్న సవరణ ఉంది. అది విని "మా కాగితం చెల్లదేమో" అని భయపడకండి. రిజిస్టరు కాని అగ్రిమెంటును, ఒప్పందాన్ని అమలు చేయించమని కోరే దావాలో ఒప్పందానికి సాక్ష్యంగా స్వీకరించవచ్చని రిజిస్ట్రేషన్ చట్టం 49వ సెక్షను మినహాయింపు ఇస్తుంది. రిజిస్టరు చేయించి ఉంటే మీకు అదనంగా దక్కేవి రెండు: పైన చెప్పిన 53ఏ డాలు, ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలను చూపే ఈసీలో మీ పేరు కనపడడం. ఆ రెండోది లేకపోవడమే ఇప్పుడు మీకు పెద్ద లోటు. పెద్దాయన దగ్గర కొనబోయేవారు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ తీయిస్తే అది శుభ్రంగా ఉంటుంది.

అమలు దావాలో కోర్టు అన్నిటికంటే ముందు చూసేది అమ్మినవారి తప్పు కాదు, కొన్నవారి సిద్ధపాటు. ఒప్పందం జరిగిన రోజు నుంచి తీర్పు రోజు దాకా, ఏనాడు పిలిచినా మిగతా సొమ్ము కట్టి రాయించుకోవడానికి మీరు సిద్ధంగా ఉన్నారని, ఉద్దేశంలోనే కాదు డబ్బు విషయంలోనూ సిద్ధంగా ఉన్నారని చూపించాలి. ఈ దావాలు ఎక్కువగా ఓడిపోయేది ఇక్కడే. అమ్మినాయన మాట తప్పాడన్న కోపంలో వాది సాక్ష్యమంతా ఆయన మీదే పెడతాడు. "మరి ఆ రోజున మీ దగ్గర ఎంత ఉంది?" అని అడ్డుప్రశ్న వేస్తే "బంధువుల దగ్గర తెచ్చేవాణ్ని" అంటాడు, ఆ బంధువును మాత్రం సాక్షిగా పిలవడు.

మీ లెక్క వేసి చూద్దాం. ధరలో ఇంకా 32 లక్షలు కట్టాలి. రిజిస్ట్రేషను ఖర్చులు కొనేవారివే అని మీ కాగితంలో ఉండే ఉంటుంది. స్టాంపు, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషను ఫీజు కలిపి నూటికి ఏడున్నర చొప్పున 42 లక్షల మీద 3,15,000 అవుతుంది. మొత్తం 35,15,000. ఇందులో బ్యాంకు మంజూరు చేసినది 25 లక్షలు. మిగిలిన 10,15,000 రూపాయలు ఎక్కడివో చూపగలగాలి. అది మీ ఖాతాలోనో, మీవారి ఖాతాలోనో ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా ఉంటే ఆ రసీదు, అమ్మగలిగిన బంగారం ఉంటే దాని వివరం, ఇస్తానన్న అన్నదమ్ములుంటే వారి బ్యాంకు స్టేట్‌మెంటు సిద్ధం చేసుకోండి. కోర్టు ఆదేశిస్తే తప్ప సొమ్మును ముందుగా కోర్టులో కట్టనక్కరలేదని చట్టమే చెబుతుంది. అయినా వీలుంటే కడతామని మీ అంతట మీరే అనుమతి కోరడం మీ మాటకు బలమిస్తుంది. రుణ మంజూరు పత్రానికి సాధారణంగా ఒక గడువు ఉంటుంది. అది చెల్లిపోకముందే పొడిగింపు కోరి, ఆ ఉత్తరాన్ని కూడా దాచండి.

మీ వైపున్న బలహీనత గడువు దగ్గర ఉంది. ఆగస్టు 11న సిద్ధంగా లేనిది మీరే. స్థిరాస్తి ఒప్పందాల్లో గడువు తేదీ దాటినంత మాత్రాన ఒప్పందం రద్దయిపోదని కోర్టులు సాధారణంగా భావిస్తాయి. కానీ ధరలు పెరుగుతున్న కాలంలో కొనేవారు నింపాదిగా ఉంటే అదే కోర్టులు వారిని సందేహంతో చూస్తాయి. రెండు నెలల పొడిగింపుకు ఆయన ఒప్పుకున్నారన్నది మీ రక్షణ. నోటిమాట పొడిగింపు చట్టరీత్యా చెల్లుతుంది, అయితే రుజువు చేయాల్సింది మీరు. ఆ రోజుల్లో మీ మధ్య నడిచిన వాట్సాప్ సందేశాలు, ఫోను మాటలు జరిగినప్పుడు దగ్గరున్న మధ్యవర్తి, సెప్టెంబరులో ఆయన బ్యాంకు వాల్యుయేషను కోసం ఇంజనీరును ఇంట్లోకి రానిచ్చి ఉంటే ఆ రిపోర్టు మీద తేదీ, ఇవన్నీ చిన్నవే గానీ పొడిగింపుకు ఒప్పుకోకుండా ఎవరూ అలా ప్రవర్తించరన్న సంగతిని చెబుతాయి. ఆ ఫోను మార్చకండి, సందేశాలు చెరిపేయకండి.

దావా వేయడానికి కాలపరిమితి మూడేళ్లు. ఒప్పందంలో తేదీ ఉంటే ఆ తేదీ నుంచి, లేకపోతే అమ్మేవారు నిరాకరించిన సంగతి తెలిసిన నాటి నుంచి లెక్క. మీ కాగితంలో తేదీ ఉంది కాబట్టి, నోటి పొడిగింపును నమ్ముకుని అక్టోబరు నుంచి లెక్కపెట్టకుండా, 2025 ఆగస్టు 11 నుంచే లెక్కపెట్టి 2028 ఆగస్టు 11ను ఆఖరి రోజుగా అనుకోండి. నిజానికి అది ఆఖరి రోజే తప్ప తగిన రోజు కాదు. ఆయన కాదన్నాక మూడేళ్లకు కోర్టుకు వెళ్లడం కాలపరిమితి లోపలే అయినా, "మీరు అంత సిద్ధంగా ఉంటే ఇన్నాళ్లూ ఏం చేశారు?" అన్న ప్రశ్నకు మీ దగ్గర జవాబు ఉండదు.

ఒకవేళ ఆయన ఆ వేరొకరికి నిజంగానే రిజిస్టరు చేసి ఇచ్చేస్తే, యాజమాన్యం అప్పటికి ఆ కొత్తాయనకు వెళుతుంది. అయినా మీ దారి మూసుకుపోదు. మీ ఒప్పందం సంగతి తెలిసి కొన్నవారి మీద కూడా దాన్ని అమలు చేయించవచ్చని 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం 19వ సెక్షను చెబుతుంది. తప్పించుకోగలిగేది పూర్తి సొమ్ము ఇచ్చి, సద్భావంతో, మీ ఒప్పందం ఊసే తెలియకుండా కొన్నవారు మాత్రమే. తనకు తెలియదని నిరూపించుకోవలసిన భారం కూడా మొదట వారిదే. మీ కాపురం ఉన్న ఇంటిని కొని "నాకు తెలియదు" అనడం కష్టం. అలాంటప్పుడు ఆయన్నూ ప్రతివాదిగా చేర్చాలి. దావా గెలిస్తే పెద్దాయనా, ఆ కొత్తాయనా ఇద్దరూ కలిసి మీకు దస్తావేజు రాసివ్వమని కోర్టు ఆదేశిస్తుంది. ఆయన చేతికి వెళ్లిన యాజమాన్యం ఆ సంతకంతో మీ దగ్గరకు వస్తుంది. 1950ల నుంచి సుప్రీంకోర్టు నడిపిస్తున్న పద్ధతి ఇది.

అందువల్ల మీరు ఇప్పుడు చేయవలసినది, తెలియదనే అవకాశాన్ని ఎవరికీ మిగల్చకపోవడం. ఆ 55 లక్షల మనిషి ఎవరో తెలిస్తే వకీలు ద్వారా ఆయనకూ రిజిస్టరు పోస్టులో నోటీసు పంపండి. తెలియకపోతే తెనాలి ఎడిషను ఉన్న దినపత్రికలో ఇంటి నంబరు, హద్దులతో సహా ప్రకటన వేయించండి. సబ్ రిజిస్ట్రార్‌కు ఉత్తరం ఇస్తే రిజిస్ట్రేషను ఆపేస్తారని చాలామంది అనుకుంటారు. కోర్టు ఉత్తర్వు లేకుండా కేవలం మీ ఉత్తరం మీద ఆయన ఆపరు. దావా వేసిన తర్వాత జరిగిన అమ్మకం ఏదైనా ఆ దావా ఫలితానికి కట్టుబడే ఉంటుంది, కొన్నవారికి తెలిసినా తెలియకపోయినా సరే. దావాతో పాటే ఆస్తిని ఇతరులకు బదిలీ చేయకుండా తాత్కాలిక ఇంజంక్షను కూడా కోరాలి.

దావా కాగితంలో మరచిపోకూడని ఒక వాక్యం ఉంది. అమలు చేయించమని కోరుతూనే, ఏ కారణం చేతనైనా అది వీలుకాకపోతే ఇచ్చిన 10 లక్షలను వడ్డీతో ఇప్పించాలనీ, ఆ సొమ్ముకు ఇంటి మీద పూచీ ఉందని ప్రకటించాలనీ ప్రత్యామ్నాయంగా అడగాలి. అడగని సొమ్మును కోర్టు తనంతట తాను ఇప్పించదు. మధ్యలో సవరణ కోరి చేర్చుకోవచ్చు గానీ, మొదటే రాస్తే ఆ తలనొప్పి ఉండదు. కోర్టు ఫీజు పూర్తి ధర అయిన 42 లక్షల మీద లెక్కవేస్తారు, ఆ ఖర్చుకూ సిద్ధపడండి.

కొడుకు ఒప్పుకోకపోవడం అన్న మాటకు విలువ ఉందో లేదో, ఇల్లు పెద్దాయనకు ఎలా వచ్చిందో చూపే లింకు దస్తావేజు చెబుతుంది. పెద్దాయన తన సంపాదనతో కొనుక్కున్నదైతే కొడుకు అంగీకారంతో పనిలేదు. తండ్రి తాతల నుంచి వచ్చినదైతే కొడుకుకే కాదు, కూతుళ్లకూ వాటా ఉంటుంది, అప్పుడు ఆయన ఒక్కరి సంతకంతో ఆయన వాటా వరకే మీకు దక్కే ప్రమాదం ఉంది. బ్యాంకు రుణం మంజూరు చేసిందంటే వారి వకీలు ఆ దస్తావేజులు చూసి అభిప్రాయం రాసే ఉంటారు. ఆ లీగల్ ఒపీనియన్ ప్రతిని అడిగి తీసుకుని చదివించండి.

అడ్వాన్సు వెనక్కి తీసుకోమన్న ప్రతిపాదనకు ఫోనులో జవాబివ్వకండి. ఆయన మీ ఖాతాలోకి 10 లక్షలు వేసేసి "లెక్క తీరిపోయింది" అనే అవకాశమూ ఉంది. అలా జరిగితే ఆ రోజే, రద్దుకు మీరు ఒప్పుకోవడం లేదని రాసి సొమ్ము తిరిగి పంపండి. మీ చేత్తో అగ్రిమెంటు అసలు కాగితాన్ని ఆయనకు ఇచ్చేయడం, దాని మీద "రద్దు" అని సంతకం పెట్టడం మాత్రం ఎవరు ఎంత మర్యాదగా అడిగినా చేయవద్దు. మొదట ఇచ్చిన 5 లక్షల నగదు గురించి ఒక్క మాట: ఇల్లూ స్థలాల అడ్వాన్సును 20,000 రూపాయలు, ఆపైన నగదుగా పుచ్చుకోవడం ఆదాయపన్ను చట్టరీత్యా తప్పు, దానికి అంత మొత్తమూ జరిమానాగా పడేది పుచ్చుకున్నవారికి. రాజీ మాటలు మొదలైతే ఆయన వకీలుకు ఈ సంగతి గుర్తుంటుంది.

ఈ వారంలో పంపవలసిన నోటీసులో మీ సిద్ధపాటును మాటల్లో కాకుండా ఒక తేదీ రూపంలో చూపించండి. రుణ మంజూరు పత్రం ప్రతిని జతచేసి, నోటీసు అందిన పదిహేను రోజుల తర్వాత పడే ఒక పనిదినాన ఉదయం 11 గంటలకు తెనాలి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మిగతా 32 లక్షలతో, దస్తావేజు ముసాయిదాతో ఉంటామని, వచ్చి రిజిస్టరు చేయించమని కోరండి. ఆ రోజు బ్యాంకు ఆఫీసరును, లేకపోతే 32 లక్షలకూ సరిపడే డిమాండ్ డ్రాఫ్టులను వెంట తీసుకుని నిజంగానే వెళ్లండి. ఆయన రాకపోతే, అక్కడే ఆఫీసులో ఏదైనా ఒక చిన్న ఫీజు కట్టి, ఆ తేదీ వేసిన రసీదు తీసుకుని ఇంటికి రండి. ఈసీ ప్రతి కోసం దరఖాస్తు చేస్తే ఆ రసీదు వస్తుంది, ఆ రోజు దాకా ఆయన ఎవరికీ రాసివ్వలేదన్న సంగతి కూడా దానితోనే తెలుస్తుంది.